ఒకే ఆట పార్లే, మూడో పాఠం: ఎప్పుడు గుణించకూడదు

గత పాఠం చివర ఇచ్చిన లెక్కకు చాలామంది 25 శాతం అనీ, కొందరు 70 శాతం అనీ జవాబు రాశారు. రెండూ తప్పే కాబట్టి, మూడు లెగ్‌ల పార్లేను, అంటే మూడు పందేలూ నెగ్గితేనే డబ్బు వచ్చే ఉమ్మడి పందేన్ని, వాయిదా వేసి ఈసారి అక్కడే ఆగుతున్నాను.

లెక్క ఇది. ఎన్ఎఫ్ఎల్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో ఒక క్వార్టర్‌బ్యాక్ 250.5 పాసింగ్ యార్డులు దాటడం మొదటి లెగ్, అదే జట్టు రిసీవర్ 70.5 యార్డులు దాటడం రెండో లెగ్. విడివిడిగా ఒక్కోదాని సంభావ్యత 50 శాతం, ఆడ్స్, అంటే నెగ్గితే డాలరుకు తిరిగి వచ్చే మొత్తం, 1.91 (తెర మీద -110 అని కనిపించేది ఇదే, నేను దశాంశాల్లోనే రాస్తాను). మొదటిది నెగ్గిన ఆటల్లో రెండోది నెగ్గే సంభావ్యత 70 శాతం. రెండూ నెగ్గే సంభావ్యత ఎంత?

క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతితో రిసీవర్ సాధించిన ప్రతి యార్డూ ఇద్దరి ఖాతాల్లోనూ చేరుతుంది. అందువల్ల ఇవి స్వతంత్ర ఘటనలు కావు, 0.5ను 0.5తో గుణించడం చెల్లదు. 70 శాతమేమో మొదటి లెగ్ నెగ్గిన ఆటలకే వర్తిస్తుంది. వంద ఆటలు ఊహించుకోండి: క్వార్టర్‌బ్యాక్ తన గీత, అంటే 250.5 యార్డులు, దాటినవి 50, వాటిలో రిసీవర్ కూడా దాటినవి 35. మిగిలిన 50 ఆటల్లో రిసీవర్ ఒక్కడే దాటినవి 15. రిసీవర్ మొత్తం ఇప్పటికీ 50 మాత్రమే. అవి ఏ ఆటల్లో పడ్డాయన్నదే మారింది. జవాబు 35 శాతం, దానికి సరైన ఆడ్స్ 2.86.

ఇక నన్ను ఎక్కువగా బాధించిన పొరపాటు. 1.91ని 1.91తో గుణిస్తే 3.65 వస్తుంది కనుక, 0.35 × 3.65 = 1.28, అంటే వంద డాలర్లకు 28 లాభమని కొందరు రాశారు. పందెం సంస్థ ఒకే ఆటలోని లెగ్‌లకు ఆ ధర ఇవ్వదు. సహసంబంధాన్ని లెక్కలోకి తీసుకునే ధర కడుతుంది. అది 2.60 అనుకుంటే 0.35 × 2.60 = 0.91, వందకు సగటున 9 డాలర్ల నష్టం. ఒక్క లెగ్ మీదే పెట్టి ఉంటే నష్టం నాలుగున్నర డాలర్లు. ఇచ్చిన ధరను 3.65తో కాదు, 2.86తో పోల్చాలి.

దీని రెండో ముఖం ఇంకా ప్రమాదకరం. ఒకే జట్టులోని ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లు తమ తమ గీతలు దాటాలని పార్లే కట్టారనుకోండి. బంతి మోసే అవకాశాలను ఇద్దరూ పంచుకోవాలి కనుక ఒకరు దాటితే మరొకరికి 40 శాతమే మిగలవచ్చు. అప్పుడు రెండూ నెగ్గే సంభావ్యత 20 శాతం, సరైన ఆడ్స్ 5.00. తెర మీద 4.20 చూసి, గుణించిన ధర కంటే ఎక్కువే ఇస్తున్నారని సంతోషించినవారు వందకు 16 డాలర్లు వదులుకుంటున్నారు.

అభ్యాసం: ఒక క్వార్టర్‌బ్యాక్, రిసీవర్ జంటను ఎంచుకుని, రెగ్యులర్ సీజన్‌లోని 17 ఆటలనూ నాలుగు గళ్లలో నింపండి: ఇద్దరూ దాటినవి, ఒక్కొక్కరే దాటినవి రెండు రకాలు, ఎవరూ దాటనివి. ప్రతి ఆటకూ ఆ రోజు ప్రకటించిన గీతనే వాడాలి, సీజన్ సగటును కాదు. ఒక్క ఆట గడి మారితే ఉమ్మడి సంభావ్యత దాదాపు 6 శాతం కదులుతుంది కాబట్టి, మరో రెండు జంటలతో ఇదే పట్టిక వేశాకే మీ అంకె పంపండి.