ఇంటర్‌ప్రెటర్‌ను డాక్టర్ టైముకు కాదు, మొత్తం పనికి బుక్ చేయండి

బధిరులకు హాస్పిటల్ అపాయింట్‌మెంట్ ఉంటే సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌ను చాలామంది గంటకే మాట్లాడుకుంటారు. ఓపీలో టోకెన్ పిలిచేసరికే ఆ గంట అయిపోతుంది. అందుకే 10:30కి అపాయింట్‌మెంట్ అయితే 10 నుంచి 1 దాకా అడగండి. రిజిస్ట్రేషన్, రక్తపరీక్ష, మందులు ఎలా వాడాలో చెప్పే కౌంటర్ కూడా అందులోనే పడతాయి.

ఫోన్‌లో ఒప్పుకున్నాక ఒకే వాట్సాప్ మెసేజ్ ఇంటర్‌ప్రెటర్‌కూ, హాస్పిటల్‌కు వెళ్లే బధిరులకూ పంపండి: "మంగళవారం, 14వ తేదీ, ఉదయం 10 నుంచి 1. బి బ్లాక్, 2వ అంతస్తు, గుండె ఓపీ. లిఫ్ట్ దగ్గర కలుద్దాం. 1 దాటితే గంటకు అదనంగా ఎంత?" లొకేషన్ ఒక్కటే పంపితే గేటు దాకానే తీసుకొస్తుంది, లోపల వెతుక్కోవడంలోనే టోకెన్ దాటిపోతుంది.

ముందురోజు సాయంత్రం డాక్టర్ వస్తున్నారో లేదో ఓపీకి ఫోన్ చేసి కనుక్కోండి. ఆ తర్వాత టైము, చోటు ఇంటర్‌ప్రెటర్ చేతే తిరిగి రాయించుకోండి. థంబ్స్ అప్ ఎమోజీ ఒక్కటే పెడితే చదివారో లేదో తెలియదు.

ఒక్క జాగ్రత్త. భారతీయ సంజ్ఞా భాష నేర్చుకోకుండా ఇంటి సైగలతోనే పెరిగినవారికి ఇంటర్‌ప్రెటర్ ఒక్కరే సరిపోరు. బుక్ చేసే ముందే ఇద్దరినీ 10 నిమిషాలు వీడియో కాల్‌లో మాట్లాడించి చూడండి. అర్థం కాకపోతే ఆ సైగలు తెలిసిన ఇంటి మనిషి కూడా వెంట ఉండాలి.