కక్ష్య లెక్కలు, 5వ భాగం: బయటి నుంచి వచ్చిందని ఎలా తేల్చాలి?

గత భాగంలో ఫొటోల్లో వస్తువు స్థానాలు కొలిచి, వాటికి సరిపోయే కక్ష్యను సాఫ్ట్‌వేర్‌తో రాబట్టాం. ఈసారి ఆ కక్ష్యను చదవడం నేర్చుకుందాం. అందులోని అంకెలు చూసి ఈ వస్తువు సూర్యుడి కుటుంబానిదా, వేరే నక్షత్రాల మధ్య నుంచి వచ్చిందా అని చెప్పగలగాలి.

వేగం ఎక్కువగా ఉంటే చాలు, బయటిదే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. సూర్యుడికి దగ్గరగా వచ్చే ఏ తోకచుక్క అయినా వేగంగానే పోతుంది. సౌరకుటుంబం అంచుల నుంచి దాదాపు నిశ్చలస్థితిలో జారడం మొదలుపెట్టిన తోకచుక్క కూడా భూమి ఉన్న దూరానికి చేరేసరికి సెకనుకు 42 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అదంతా సూర్యుడు ఇచ్చిన వేగమే. ఆ అప్పు తీర్చేశాక వస్తువు దగ్గర ఇంకా ఏమైనా మిగులుతుందా అన్నదే అసలు ప్రశ్న. ఆ మిగిలినదాన్ని మిగులు వేగం అందాం. సూర్యుడి ఆకర్షణ లెక్కలోకి రానంత దూరంలో వస్తువుకు ఉండే వేగం అది.

```
V² = v² − 1774/r
e  = 1 + q·V²/887
```

ఇక్కడ `v` అంటే ప్రస్తుత వేగం, `V` అంటే మిగులు వేగం. రెండూ సెకనుకు కిలోమీటర్లలో. `r` సూర్యుడి నుంచి ఇప్పుడున్న దూరం, `q` సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే దూరం. ఈ రెండూ ఖగోళ యూనిట్లలో, అంటే సూర్యుడికీ భూమికీ మధ్య దూరాన్ని 1 అనుకుని. `e` ఉత్కేంద్రత. 1774 అనేది సూర్యుడి ఆకర్షణను ఈ కొలమానాల్లోకి మార్చితే వచ్చే అంకె, 887 అందులో సగం. V² రుణసంఖ్యగా వస్తే వస్తువు సూర్యుడికి కట్టుబడి ఉన్నట్టే, కక్ష్య దీర్ఘవృత్తం. ధనసంఖ్యగా వస్తే e 1 దాటుతుంది, దారి అతిపరావలయం అవుతుంది. అలాంటి వస్తువు ఒక్కసారి వచ్చి వెళ్ళిపోతుంది.

3ఐ/అట్లాస్ అనే తోకచుక్కతో లెక్క వేద్దాం. 2025 జులై 1న చిలీలోని అట్లాస్ టెలిస్కోపు దీన్ని పట్టుకుంది. అప్పుడది సూర్యుడి నుంచి సుమారు 4.5 యూనిట్ల దూరంలో ఉంది, వేగం 61.3. వేగం వర్గం 3758. 1774ను 4.5తో భాగిస్తే 394. తీసేస్తే 3364 మిగిలింది, దాని వర్గమూలం 58. అంటే సూర్యుడు ఇచ్చిందంతా తీసేసినా సెకనుకు 58 కిలోమీటర్లు మిగిలే ఉన్నాయి. ఆ దూరంలో సూర్యుణ్ణి వదిలి పోవడానికి 20 కిలోమీటర్లు చాలు. దీని q 1.356 కాబట్టి రెండో సూత్రంలో e 6.14 వస్తుంది. ఇంత పెద్ద e ఉంటే అనుమానానికి పెద్దగా చోటుండదు. చిక్కంతా 1కి దగ్గరలో ఉన్నవాటితోనే.

మొదటి చిక్కు చూసిన కాలం చిన్నదవడం. ఒక్క రాత్రి స్థానాలతో కక్ష్య లెక్కిస్తే దూరం, వేగం ఒకదాని తప్పును మరొకటి కప్పేస్తాయి. దగ్గరలో నెమ్మదిగా పోయే రాయి, దూరంలో వేగంగా పోయే రాయి ఆకాశంలో ఒకే గీత గీస్తాయి. సాఫ్ట్‌వేర్ అప్పుడు e 1.3 అని కూడా చెప్పగలదు, మర్నాటి కొలతలు కలిపితే అది 0.6కు దిగిపోవచ్చు. అందుకే e పక్కనే ఇచ్చే అనిశ్చితిని చూడకుండా e గురించి మాట్లాడకూడదు. 2017 అక్టోబరులో హవాయి దీవుల్లోని పాన్‌స్టార్స్ టెలిస్కోపు కనిపెట్టిన ఔమువామువాకు అక్టోబరు 22 నాటికి వచ్చిన విలువ 1.188, అనిశ్చితి 0.016. ఒకటి మీద ఉన్న 0.188ను 0.016తో భాగిస్తే దాదాపు 12 వస్తుంది. యాదృచ్ఛిక దోషం అంత దూరం లాగలేదు. చివరకు e 1.20 దగ్గర స్థిరపడింది. అదే నిష్పత్తి 2, 3 మాత్రమే ఉంటే తొందరపడకుండా ఇంకో రెండు రాత్రులు చూడాల్సిందే.

ఈ లెక్కకు గడియారం కూడా ముఖ్యం. ఔమువామువా దొరికినప్పుడు రోజుకు 6.2 డిగ్రీల చొప్పున కదులుతోంది, అంటే నిమిషానికి 15 ఆర్క్ సెకన్లకు పైగా. ఫొటో సమయం ఒక్క సెకను తప్పుగా నమోదైతే స్థానం పావు ఆర్క్ సెకను జరిగిపోతుంది. ఇలాంటి తప్పును గుర్తించడం కష్టమేమీ కాదు. ఒకే టెలిస్కోపు ఇచ్చిన స్థానాలన్నీ వస్తువు కదిలే దిశలోనే ముందుకో వెనక్కో జరిగి ఉండి, అడ్డంగా మాత్రం సరిగ్గా ఉంటే, తప్పు కాలంలో ఉందన్నమాట. మరో పరీక్ష కూడా చేయండి. e 1కి మించకూడదని సాఫ్ట్‌వేర్‌ను బలవంతపెట్టి మళ్ళీ లెక్కించండి. కొలిచిన స్థానాలకూ లెక్కించిన స్థానాలకూ మధ్య తేడాలు కొలత దోషం స్థాయిలోనే ఉంటే మీ దగ్గర రుజువు లేదు. కాలంతోపాటు ఒకే పక్కకు పెరుగుతూ పోతే మాత్రం దీర్ఘవృత్తం సరిపోవడం లేదని అర్థం.

రెండో చిక్కు గ్రహాలది. e నిజంగానే 1 దాటినా వస్తువు ఇక్కడిదే కావచ్చు. 1980లో ఎడ్వర్డ్ బోవెల్ కనిపెట్టిన సి/1980 ఇ1 తోకచుక్క సూర్యుడి చుట్టూ లక్షల ఏళ్ళకోసారి తిరిగేదే. ఆ డిసెంబరులో అది గురుగ్రహానికి 0.23 యూనిట్ల దూరంలోంచి వెళ్ళింది. గురుడు దాన్ని ముందుకు లాగడంతో e 1.057 అయింది. పై సూత్రంలో q 3.36 పెట్టి చూస్తే మిగులు వేగం సెకనుకు 4 కిలోమీటర్ల లోపే. ఇది సౌరకుటుంబం వదిలి పోతున్న వస్తువు, వచ్చింది మాత్రం లోపలి నుంచే.

కాబట్టి చూడాల్సింది ఇప్పటి e కాదు, రాక ముందటి e. కక్ష్యను గ్రహాల ఆకర్షణలన్నీ కలిపి కంప్యూటర్‌లో వెనక్కి నడిపించి, గ్రహాలన్నింటికీ చాలా అవతల, 250 యూనిట్ల దగ్గర, మళ్ళీ e చదవాలి. అదీ సూర్యుడి కేంద్రం నుంచి కాకుండా సౌరకుటుంబం మొత్తం ద్రవ్యరాశి కేంద్రం నుంచి. గురుడి లాగుడుకు సూర్యుడే కాస్త ఊగుతుంటాడు కనుక, సూర్యుడి నుంచి కొలిస్తే మామూలు తోకచుక్కల e కూడా 1.0003 లాంటి విలువలు చూపిస్తుంది. పట్టికల్లో ఇలాంటివి బోలెడు కనిపిస్తాయి, వెనక్కి నడిపిస్తే వాటిలో చాలావరకు 1 కిందకు వచ్చేస్తాయి.

3ఐ/అట్లాస్ గ్రహాల తలానికి దాదాపు సమాంతరంగానే వచ్చింది కనుక ఈ ప్రశ్న దానికీ వేయాలి. గురుడి దూరంలో సూర్యుడికి కట్టుబడి ఉన్న వస్తువు వేగం 18.5 దాటదు. మిగులు వేగం 58 కావాలంటే అక్కడ 61 ఉండాలి, అంటే ఒక్క కలయికలో 42 కిలోమీటర్లకు పైగా అదనం. గురుడి మేఘాలను రాసుకుంటూ పోయినా ఆ గ్రహం ఇవ్వగల గరిష్ఠ మార్పు కూడా ఇంచుమించు అంతే, మిగతా గ్రహాలకు ఆ శక్తి లేనే లేదు. దారిని వెనక్కి నడిపిస్తే అలాంటి కలయిక ఎక్కడా కనిపించదు.

అభ్యాసం: 2019 ఆగస్టు 30న గెన్నడీ బోరిసోవ్ కనిపెట్టిన తోకచుక్క 2ఐ/బోరిసోవ్‌కు q 2.006, e 3.36. మిగులు వేగం ఎంత? సూర్యుడికి అతి దగ్గరగా ఉన్నప్పుడు వేగం ఎంత? జవాబులు 32.3, 43.9 దగ్గర రావాలి. రెండోది 53 దాటి వస్తే, మీరు 1774 బదులు దాన్ని రెట్టింపు చేసి వాడారేమో చూసుకోండి.