పిల్లలు వెళ్లాక ఇద్దరి మధ్య మాట ఆగిపోతే: సమస్య - పరిష్కారం

లక్షణం: ఇంట్లో గొడవలేమీ లేవు, అలాగని మాటలూ లేవు. భోజనం పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఒకరు టీవీ ముందుకు, ఇంకొకరు పడకగదిలోకి. కొడుకో కూతురో ఇల్లు విడిచి ఆరు నెలలో ఏడాదో అయి ఉంటుంది. "మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదండీ" అంటూ దంపతులు కౌన్సెలింగ్‌కు వస్తారు. అప్పటికే ఎవరో చెప్పారని ఎక్కడికో ప్రయాణం చేసి, ఫోటోలన్నీ పిల్లలకు పంపి, తిరిగివచ్చి చెరో గదిలో కూర్చుని ఉంటారు.

ముందుగా చూడాల్సింది చెవులు. ఎన్నిసార్లు చెప్పినా దీన్ని దాటేసి నేరుగా మనసుల దగ్గరికి వెళ్తారు. వయసుతో వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా ముందు తగ్గేది సన్నగా, కీచుగా ఉండే ధ్వనులు. అందుకే గొంతు వినబడుతుంది గానీ 'స', 'ష' వంటి అక్షరాలు జారిపోయి మాట అర్థం కాదు. పంపు నీళ్ల చప్పుడులోనో, పక్క గదిలోంచో పిలిస్తే మరీ కష్టం. అవతలివారు దాన్ని నిర్లక్ష్యం అనుకుని, నాలుగుసార్లు చెప్పి, ఐదోసారి మానేస్తారు. పిల్లలు ఉన్నప్పుడు "అమ్మ పిలుస్తోంది నాన్నా" అని అందించేవాళ్లు కాబట్టి ఇది బయటపడలేదు. ఇద్దరూ వినికిడి పరీక్ష చేయించుకోండి. ఈలోగా ఒకే గదిలో, ముఖం కనబడేలా కూర్చుని మాట్లాడి చూడండి. దాంతోనే తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

చెవులు బాగానే ఉన్నాయా? అయితే చాలా ఇళ్లలో అసలు కారణం ఎవరూ అనుమానించని చోట ఉంటుంది. అది పిల్లలతో రోజూ మాట్లాడే ఫోను.

ఫోను చెడ్డదని కాదు. ఆప్యాయంగా సాగే మాటలే కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు. ఒక జంట సంగతి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. కూతురు ఉద్యోగానికి వెళ్లింది. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తుంది. తల్లి స్పీకర్ పెట్టి మాట్లాడుతుంది, తండ్రి పక్కనే పేపరు తిరగేస్తూ వింటాడు. తల్లి మోకాలు వాచి మూడు రోజులైందన్న సంగతి ఆయనకు అలా ఫోనులోంచే తెలిసింది. కూతురు అడిగింది: "నాన్నకు చెప్పావా?" తల్లి అంది: "ఇక్కడే ఉన్నారుగా, వింటూనే ఉన్నారు." ఆయన పేపరు దించి చూశాడు, ఏమీ అనలేదు. తన ఆఫీసులో జరిగిన మార్పును కూడా ఆయన కూతురికే చెప్పాడు, భార్య పక్కన కూర్చుని వింది. ఇద్దరికీ ఒకరి సంగతులు ఒకరికి తెలుసు. కానీ ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

కుటుంబ చికిత్సలో ముర్రే బోవెన్ అనే అమెరికన్ మనోవైద్యుడు 'త్రికోణం' అని దీన్నే వివరించాడు: ఇద్దరి మధ్య ఇబ్బంది ఉన్నచోట మూడో మనిషి చేరితే తాత్కాలికంగా ఊరట దొరుకుతుంది, అసలు ఇబ్బంది మాత్రం అలాగే ఉండిపోతుంది. పిల్లలు ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ మూడో కుర్చీలో ఉన్నారు. ఇల్లు విడిచినా కుర్చీ ఖాళీ కాలేదు, ఫోనులోకి మారింది, అంతే. తొమ్మిదింటికి చెప్పాల్సినదంతా కూతురికి చెప్పేశాక, తొమ్మిదిన్నరకు భర్తకు చెప్పడానికి ఏం మిగులుతుంది?

దీన్ని పట్టుకోవడం తేలిక. ఒక వారం పాటు, ఎవరి కాగితం మీద వాళ్లు, ఆ రోజు జరిగిన చిన్నా పెద్దా సంగతులు రాసుకోండి. ఒక్కో దాని పక్కన మొదట ఎవరికి చెప్పారో రాయండి. వారం చివర కాగితాలు మార్చుకోండి. పైన చెప్పిన జంట కాగితాల్లో దాదాపు ప్రతి వరుసలో కూతురి పేరే ఉంది. తల్లి వాచిన మోకాలి పక్కన కూడా.

పరిష్కారం ఫోను తగ్గించడం కాదు, వరుస మార్చడం. ఫోను రావడానికి ముందు పావుగంట ఇద్దరూ కూర్చుంటారు. ఎవరి రోజులోని సంగతులు వాళ్లు చెబుతారు. పిల్లల గురించి మాట్లాడవచ్చు గానీ మొదటి మాట వాళ్ల గురించి కాకూడదు. ఇక ఫోను ఒక రోజు ఒకరు, మరుసటి రోజు ఇంకొకరు మాట్లాడతారు. స్పీకర్ ఉండదు, రెండోవాళ్లు ఆ గదిలో ఉండరు. "అమ్మ ఎలా ఉంది?" అని కూతురు అడిగితే తండ్రి తనకు తెలిసినంత చెప్పాలి, తెలియకపోతే "అమ్మనే అడుగు" అనాలి. పిల్లలకు ఈ మార్పు ముందే చెప్పండి. లేకపోతే ఏదో జరిగిందని కంగారుపడతారు.

మొదటి వారం ఆ పావుగంట ఎంతకీ కదలదు. కరెంటు బిల్లు గురించి మాట్లాడుకుని ఊరుకుంటారు. ఇక్కడే చాలామంది మానేస్తారు. ఎదురెదురుగా కూర్చుని కళ్లలోకి చూసుకోవాలని నేను చెప్పను. చేతికి ఏదైనా పని పెట్టుకోండి, బట్టలు మడవండి, నడవండి. పావుగంటను గంట చేయాలన్న ఉత్సాహమూ వద్దు. అమెరికాలో మిల్స్ కళాశాలలో చదివిన మహిళలను 18 ఏళ్లపాటు గమనించిన అధ్యయనం 2008లో వెలువడింది. పిల్లలు ఇల్లు విడిచాక వాళ్లలో దాంపత్య తృప్తి పెరిగినట్టు తేలింది. అందుకు కారణం భర్తతో గడిపే సమయం పెరగడం కాదు, ఆ సమయం మునుపటికంటే ఆనందంగా ఉండటం.

తర్వాత వచ్చేది గొడవ. పైన చెప్పిన ఇంట్లో అది కూతురి గది మీద వచ్చింది. ఆయన అక్కడ తన బల్ల వేసుకుంటానన్నాడు, ఆమె మంచం కూడా కదపనివ్వనంది. ఇదివరకైతే కూతురే తీర్పు చెప్పేది. చికిత్స వికటించిందనుకుని తల్లి ఫోను అందుకోబోయింది. నిజానికి చికిత్స పనిచేస్తోందనడానికి మొదటి గుర్తు ఆ గొడవే. ఆ తగువును మూడో మనిషి లేకుండా తేల్చుకోవాలి, ఎన్ని రోజులు పట్టినా సరే. వాళ్లకు నాలుగు రోజులు పట్టింది. మంచం ఉంది, కిటికీ పక్కన బల్లా వచ్చింది. అది కూతురికి సెలవుల్లో వచ్చినప్పుడే తెలిసింది.

మిగతా కారణాలు ఉన్నాయి గానీ అరుదు. పరాయి సంబంధం ఉందేమోనన్నది చాలామంది మొదటి అనుమానం, తేలేది తక్కువ. "మా మనస్తత్వాలే వేరు" అన్నది పాతికేళ్లు కాపురం చేశాక కారణం కాదు. ఒక్కటి మాత్రం పక్కన పెట్టకండి: ఇద్దరిలో ఒకరికి రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి దెబ్బతిని దేనిమీదా ఆసక్తి లేకపోతే అది కుంగుబాటు కావచ్చు, ముందు వైద్యుడిని కలవండి. ఇంట్లో భయమో దెబ్బలో ఉంటే పావుగంట పద్ధతి అసలు వాడకండి, అక్కడ కావలసింది రక్షణ.

పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు పాత వరుస ఒక్కపూటలో తిరిగి వస్తుంది. దాన్ని ఆపాలని చూడకండి, వాళ్లున్నన్నాళ్లూ కాగితాలూ పావుగంటలూ పక్కన పెట్టేయండి. వాళ్లు వెళ్లిన మర్నాటి నుంచి ఒక వారం మళ్లీ రాయండి.