పాత కాంక్రీటుకు హామర్, యూపీవీ పరీక్షలు: రిపోర్టు ఎలా తయారు చేయాలి, అంకెల్ని ఎలా చదవాలి?

పాత ఇంటి మీద ఇంకో అంతస్తు వేయాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: "పిల్లర్లు ఆగుతాయా?" ఎవరో ఒకరు రీబౌండ్ హామర్‌తో నాలుగు దెబ్బలు కొట్టి, దాని మీది గ్రాఫు చూసి "32 ఎంపీఏ వచ్చింది, ఢోకా లేదు" అని కాగితం ఇచ్చేస్తారు. ఎంపీఏ అంటే మెగాపాస్కల్, కాంక్రీటు బలాన్ని చెప్పే కొలమానం. 1980ల్లో చేత్తో కలిపిన 1:2:4 కాంక్రీటు, నలభై ఏళ్ల తర్వాత 32 చూపిస్తే సంతోషించాల్సిన పని లేదు, అనుమానించాలి. ఆ అనుమానం ఎలా తీర్చుకోవాలో తెనాలి దగ్గర 1984లో కట్టిన ఒక రెండంతస్తుల ఇంటి లెక్కలతో చెబుతాను.

ముందు: ఏ పరికరం దేన్ని చూస్తుంది

హామర్‌లో స్ప్రింగు వదిలిన బరువు కాంక్రీటును కొట్టి ఎంత వెనక్కి ఎగిరిందో ఆ అంకెను చూపిస్తుంది. పైపొర ఎంత గట్టిగా ఉంటే బరువు అంత ఎగురుతుంది. అంటే అది కొలిచేది పైనున్న రెండు మూడు సెంటీమీటర్ల గట్టిదనాన్నే. యూపీవీ, అంటే అల్ట్రాసోనిక్ పల్స్ వెలాసిటీ పరికరం ఒక ముఖం మీద నుంచి ధ్వని తరంగాన్ని పంపి, అవతలి ముఖం మీద ఎన్ని మైక్రోసెకన్లకు చేరిందో చెబుతుంది. లోపల ఖాళీలు, పగుళ్లు ఉంటే తరంగం చుట్టూ తిరిగి రావాలి కాబట్టి ఆలస్యమవుతుంది. ఇది లోపలి అతుకును, ఒక చోటికీ ఇంకో చోటికీ ఉన్న తేడాను చూస్తుంది. రెండింటిలో ఏదీ బలాన్ని నేరుగా కొలవదు.

చోటు ఎంచుకోవడం, సిద్ధం చేయడం

ప్లాస్టరింగ్ మీద పరీక్ష చేస్తే మీరు ప్లాస్టరింగ్‌నే పరీక్షిస్తున్నట్టు. యజమానికి రంగు పోతుందని బాధ ఉంటుంది, నిజమే. అయినా ఒక్కో చోట జానెడు మేర చెక్కించాల్సిందే. తెనాలి ఇంట్లో పిల్లర్ 230 × 300 మి.మీ. 230 మి.మీ. దూరంలో ఉన్న రెండు ఎదురెదురు ముఖాల మీద, ఒకే ఎత్తులో చెక్కించాం. తర్వాత హామర్‌తో వచ్చే రాయితో రుద్ది, దుమ్ము తుడిచాం. తడి ఉంటే ఆరేదాకా ఆగాలి. తడి కాంక్రీటు మీద హామర్ అంకె తక్కువ వస్తుంది, యూపీవీ వేగం కాస్త ఎక్కువ వస్తుంది. రెండు తప్పులూ ఒకేసారి, ఎదురెదురు దిక్కుల్లో.

కవర్‌మీటర్‌తో రాడ్లు ఎక్కడున్నాయో సుద్దతో గీసుకోండి. పిల్లర్‌లో రింగులు తరంగం వెళ్లే దిక్కులోనే ఉంటాయి. ఉక్కులో తరంగం కాంక్రీటులో కన్నా వేగంగా పోతుంది. రింగు పక్కనే పెడితే వేగం లేనిపోనిది పెరిగి కనిపిస్తుంది. అందుకని రెండు రింగుల నడిమధ్యలో పాయింటు పెట్టాలి.

హామర్ దెబ్బలు

పని మొదలుపెట్టే ముందు, అయ్యాక, హామర్‌ను సరిచూసే ఉక్కు దిమ్మె యాన్విల్ మీద కొట్టి చూడండి. మామూలు ఎన్ టైపు హామర్‌కు అక్కడ 80 దగ్గర, రెండు అంకెల తేడాలో రావాలి. 74 వస్తే ఆ రోజు పని ఆపి హామర్‌ను సర్వీసుకు పంపడమే.

హామర్‌ను ముఖానికి లంబంగా పట్టి, మెల్లగా నొక్కండి. అంచుకు, దెబ్బకూ దెబ్బకూ మధ్య కనీసం 20 మి.మీ. వదలాలి. ఒకే చోట రెండుసార్లు కొట్టకూడదు, మొదటి దెబ్బకే అక్కడ పొర నలిగిపోతుంది. ఒక్కో పాయింటు దగ్గర ఆరు రీడింగులన్నా కావాలి, నేను తొమ్మిది తీస్తాను. మూడో నంబరు పిల్లర్ మీద వచ్చినవి ఇవి: 35, 36, 34, 35, 47, 36, 34, 35, 36. ఆ 47 కంకర రాయి మీద పడిన దెబ్బ. దాన్ని తీసేస్తే మిగిలిన ఎనిమిదింటి సగటు 35. తీసేసిన అంకెను రిపోర్టులో దాచకండి, రాసి కొట్టేసినట్టు చూపించండి. అడ్డంగా కొట్టారా, కిందికి కొట్టారా, పైకి కొట్టారా అన్నదీ రాయాలి. స్లాబ్ అడుగున పైకి కొట్టినప్పుడు వాడే గ్రాఫు గీత వేరు.

మా హామర్ గ్రాఫులో అడ్డం దెబ్బకు 35 అంటే దాదాపు 32 ఎంపీఏ. ఈ అంకె రాసుకోండి, ఇంకా నమ్మకండి.

తరంగం వేగం

యూపీవీ పరికరంతో ఒక రిఫరెన్స్ బార్ వస్తుంది. దాని మీద ముద్రించిన సమయం తెర మీద వచ్చేలా ముందు సరిచేసుకోవాలి. రెండు ప్రోబులకూ గ్రీజు గానీ వాజలిన్ గానీ పలచగా రాసి గట్టిగా అదమండి. మధ్యలో గాలి పొర ఉంటే రీడింగు ఎగిరెగిరి పడుతుంది. అంకె నిలకడగా నిలిచాకే రాసుకోవాలి.

దూరాన్ని డ్రాయింగు చూసి రాయొద్దు. చెక్కి, రుద్దిన తర్వాత ఆ పిల్లర్ వెడల్పు కాలిపర్‌తో కొలిస్తే 222 మి.మీ. వచ్చింది. సమయం 69.4 మైక్రోసెకన్లు. 222ను 69.4తో భాగిస్తే 3.20, అదే సెకనుకు కిలోమీటర్లలో వేగం. డ్రాయింగులోని 230 వేసుకుని ఉంటే 3.31 వచ్చేది.

1992 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 13311 మొదటి భాగం ప్రకారం 4.5 పైన ఉంటే అత్యుత్తమం, 3.5 నుంచి 4.5 మంచిది, 3.0 నుంచి 3.5 మధ్యస్థం, 3.0 లోపు సందేహాస్పదం. ఆ కోడ్ స్థానంలో ఇప్పుడు ఐఎస్ 516 ఐదో భాగం ఉంది. అందుకే ఏ కోడ్ పట్టికతో పోల్చారో రిపోర్టులో రాయడం తప్పనిసరి. లేకపోతే ఒకే పిల్లర్‌కు ఇద్దరు రెండు పేర్లు పెడతారు.

గోడలో కలిసిపోయిన పిల్లర్‌కు అవతలి ముఖం దొరకదు. పక్క ముఖం మీదో, అదే ముఖం మీదో ప్రోబు పెట్టక తప్పదు. ఒకే ముఖం మీద తీస్తే వేగం తక్కువ వస్తుంది. దాన్ని ఎదురు ముఖాల రీడింగుతో ఒకే పట్టికలో కలిపేస్తే బాగున్న పిల్లర్ కూడా చెడ్డదైపోతుంది. ప్రతి రీడింగు పక్కన ఏ పద్ధతో రాయండి.

రెండూ కలిపి చదవడం: అసలు చిక్కు ఇక్కడే

హామర్ 32 అంటోంది. వేగం 3.20 దగ్గర, మధ్యస్థం అంటోంది. నిజంగా 32 ఎంపీఏ కాంక్రీటైతే వేగం ఇంత తక్కువ ఉండటం వింత. పైపొర గట్టిది, లోపల అంత కాదు అన్నమాట. పాత కాంక్రీటులో ఇలా రావడానికి మొదట వెతకాల్సిన కారణం కార్బొనేషన్. గాల్లోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి దిగి, కాంక్రీటులోని సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. అది రంధ్రాలను పూడ్చి పైపొరను పెంకులా గట్టిపరుస్తుంది. హామర్ ఆ పెంకును కొట్టి వస్తుంది. దీనివల్ల బలం అంచనా కొన్నిచోట్ల 50 శాతం దాకా పెరిగి కనిపించవచ్చని ఐఎస్ 13311 రెండో భాగమే హెచ్చరించింది. కార్బొనేషన్ లేకపోయినా హామర్ అంచనాలో 25 శాతం అటూ ఇటూ పోవచ్చని కూడా అందులోనే ఉంది.

దీన్ని తేల్చడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఉలితో చిన్న ముక్క ఊడగొట్టి, తాజాగా బయటపడిన ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి. సున్నం మిగిలి ఉన్న చోట చిక్కటి గులాబీ రంగు వస్తుంది. కార్బొనేట్ అయిన చోట రంగు మారదు. మూడో పిల్లర్‌లో పై నుంచి 22 మి.మీ. దాకా రంగే రాలేదు. కవర్ 25 మి.మీ. అంటే రాడ్డుకు తుప్పు నుంచి రక్షణ ఇచ్చే పొర మూడు మిల్లీమీటర్లే మిగిలింది. బలం సంగతి అలా ఉంచితే, ఈ ఒక్క కొలతే రిపోర్టులో మొదటి పేజీ ఎక్కాల్సిన విషయం.

ఇందుకు తిరగబడ్డ పరిస్థితీ ఉంటుంది. హామర్ అంకె తక్కువ, వేగం బాగానే ఉంది. పైపొర తడిసి ఉండవచ్చు, మంటకో ఉప్పుకో గుల్లబారి ఉండవచ్చు, లోపల బాగుంది. తుప్పు పట్టిన రాడ్డు ఉబ్బి కవర్ విడిపోయిన చోట మాత్రం తరంగం సరిగా దాటనే దాటదు. సుత్తితో తట్టి వింటే డొల్ల శబ్దం వస్తుంది. ముందు తట్టి చూడండి, డొల్లగా ఉంటే అక్కడి అంకెలు సగటులో కలపకండి. పగుళ్లలో నీళ్లు నిండి ఉంటే ఇంకో మోసం: తరంగం నీళ్ల గుండా దాటిపోతుంది కాబట్టి పగులు దాగిపోతుంది. వానాకాలంలో స్లాబ్ మీద తీసిన మంచి రీడింగును నేను వేసవిలో ఇంకోసారి తీస్తాను.

కోర్ తీయకుండా బలం రాయొద్దు

కోర్ అంటే కాంక్రీటులోంచి గుండ్రంగా డ్రిల్లు చేసి తీసే ముక్క, దాన్ని ల్యాబులో నొక్కి బలం చూస్తారు. ప్రాపులు పెట్టి, రాడ్లు తప్పించి, మూడు వేరువేరు పిల్లర్లలో 75 మి.మీ. వ్యాసం కోర్లు తీయించాం. కంకర 20 మి.మీ. కనుక ఆ వ్యాసం దానికి మూడింతలకు మించి ఉంది, సరిపోతుంది. కోర్ తీసే చోటే ముందుగా హామర్, యూపీవీ రీడింగులు తీసి ఉండాలి, లేకపోతే పోల్చడానికేమీ ఉండదు. కార్బొనేట్ అయిన చివరలు కోసేసి పరీక్షిస్తే, క్యూబ్ బలంలోకి మార్చాక 22, 19.5, 23 వచ్చాయి. సగటు 21.5. మూడు చోట్లా హామర్ గ్రాఫు చెప్పింది సగటున 32.

21.5ను 32తో భాగిస్తే 0.67. ఈ గుణకాన్ని కోర్ తీయని పిల్లర్లకు వాడవచ్చు. ఉదాహరణకు ఆరో పిల్లర్‌లో గ్రాఫు 29 చూపింది, 0.67తో గుణిస్తే 19.4. అయితే అక్కడా కార్బొనేషన్ లోతు 20 మి.మీ. చుట్టుపక్కల ఉంటేనే ఇది చెల్లుతుంది. స్నానాల గది పక్క పిల్లర్ ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది, అక్కడ లోతు 6 మి.మీ. మాత్రమే. దానికి ఈ గుణకం పనికిరాదు, మళ్లీ కోర్ తీయాల్సిందే.

కోర్ల సగటు అడిగిన గ్రేడు బలంలో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు అని కొత్త కాంక్రీటు అంగీకారానికి ఐఎస్ 456లో చెప్పిన నియమాన్ని కొందరు ఇక్కడ అంటిస్తారు. అది కాంట్రాక్టరు పోసిన కాంక్రీటు అడిగిన గ్రేడుకు తగ్గట్టు ఉందా అని తేల్చడానికి. నలభై ఏళ్ల పిల్లర్ ఇంకో అంతస్తు మోస్తుందా అన్నది వేరే లెక్క. మూడే కోర్లున్నప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీరుకు సగటుతో పాటు కనిష్ఠం 19.5 కూడా కనిపించేలా ఇవ్వాలి.

రిపోర్టులో ఏముండాలి

ప్లానులో పాయింట్ల గుర్తులు, ప్రతి పాయింటు ఫొటో, పరికరం నంబరు, యాన్విల్ రీడింగు, విడి అంకెలన్నీ, కొలిచిన దూరం, ఎదురు ముఖమా పక్క ముఖమా, కార్బొనేషన్ లోతు, కోర్ ఫలితాలు. హామర్ గ్రాఫు బలాన్ని విడి వరసలో "సవరించనిది" అని రాసి, పక్కన గుణకంతో సవరించింది పెట్టండి. మూడో పిల్లర్ గురించి మేం రాసిన వాక్యం ఇది: "సగటు రీబౌండ్ 35, వేగం 3.20 కి.మీ./సె., కార్బొనేషన్ 22 మి.మీ.; గ్రాఫు బలం వాడదగింది కాదు; కోర్ ఆధారంగా బలం దాదాపు 21 ఎంపీఏ."

అదే పిల్లర్ అడుగున, నేల నుంచి అడుగు ఎత్తులో వేగం 2.60కి పడిపోయింది. హామర్ అక్కడ కూడా 34 చూపించింది. చెక్కించి చూస్తే కంకర మధ్య సిమెంటు చేరక బొటనవేలు దూరేంత ఖాళీలతో హనీకోంబ్, అందులో ఇరుక్కున్న గోనెసంచి ముక్క. పైన మాత్రం ఎవరో మేస్త్రి సిమెంటు పూత నున్నగా రుద్దేసి ఉన్నాడు.