కీటోకొనజోల్ షాంపూ: ఎంతసేపు ఉంచాలి, ఎన్నిసార్లు వాడాలి

నడినెత్తిన జుట్టు పలచబడటం, దురద, జిడ్డు చుండ్రు: ఇదీ నా సమస్య. నూనెలు మార్చడం, రోజూ తలస్నానం, ఫంగస్‌ని అణిచే మందున్న ఈ కీటోకొనజోల్ షాంపూనే రాసి వెంటనే కడిగేయడం, ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు మామూలు షాంపూతో నూనె, జిడ్డు వదిలించాలి. లేకపోతే మందు చర్మానికి సరిగా అందదు. తర్వాత 2 శాతం కీటోకొనజోల్ షాంపూ ఒక చెంచాడు తీసుకుని, పాయలు విడదీస్తూ వేలికొసలతో మాడుకి పట్టించాలి. గోళ్లు తగలనివ్వకండి. నురగ వెంట్రుకల మీద కాదు, చర్మం మీద నిలవాలి. గడియారం చూసి 5 నిమిషాలు ఉంచి బాగా కడిగేయాలి. కండిషనర్ వెంట్రుకల చివర్లకే. వారానికి రెండుసార్లు, మధ్యలో కనీసం మూడు రోజుల ఎడం. అరగంట ఉంచితే లాభం పెరగదు, చర్మం ఎండి మంట పుడుతుంది. వెంట్రుకలు గడ్డిలా పెళుసెక్కితే వారానికి ఒకసారికి తగ్గించండి.

దురద, పొట్టు నాలుగు వారాల్లోపే తగ్గాయి. రాలడంలో తేడా తెలియడానికి నెలలు పట్టింది. చుండ్రు వాపు వల్ల రాలే జుట్టుకే ఇది బాగా పనికొస్తుందని నా అభిప్రాయం. వంశపారంపర్య బట్టతలకి మినాక్సిడిల్ లాంటి ప్రధాన చికిత్సకు తోడుగా వాడొచ్చేమో గానీ, దాని బదులు కాదు. గుండ్రంగా మచ్చలు మచ్చలుగా రాలుతుంటే ముందు చర్మవైద్యుడికి చూపించండి.