తల్లిగారింటి నుంచి పాప వచ్చేముందు: ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే

హన్మకొండలోని అత్తగారింటికి కోడలు మూడో నెల పాపతో వస్తోందనుకుందాం. ఇంట్లో కుక్కకు పాప పూర్తిగా కొత్త. వారం ముందే ఇవి చూసుకోండి.

• పాపను కుక్క దగ్గర ఒంటరిగా వదలొద్దు, ఒక్క నిమిషమైనా. ఎంత మంచి కుక్కైనా హఠాత్తుగా వచ్చే ఏడుపుకు బెదిరి కరవొచ్చు. చూసుకునేవాళ్లు బాత్రూంకు వెళ్లినా సరే, కుక్కను ఇంకో గదిలో పెట్టి తలుపు వేయాలి.

• చీర తొట్టెల ఉన్న గదిలోకి పిల్లిని రానివ్వొద్దు. వెచ్చగా ఉందని ఎక్కి పడుకుంటే పాపకు ఊపిరాడదు.

• మొదటిరోజు కుక్కకు పట్టీ వేసి, దూరం నుంచే పాపను చూపించండి. అంతకుముందే పాప పడుకున్న గుడ్డను వాసన చూడనివ్వండి. ఒళ్లు బిగబట్టినా, పదేపదే మూతి నాక్కున్నా, తల తిప్పుకున్నా దానికి టెన్షన్‌గా ఉన్నట్టే. వెంటనే దూరం తీసుకెళ్లండి. గుర్రుమంటే కొట్టొద్దు, కొడితే ఇంకోసారి హెచ్చరించకుండానే కరవొచ్చు.

• రేబిస్ టీకా, నులిపురుగుల మందు తేదీలు చూడండి. గోరు గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో దగ్గర్లోని ఇంకో ఆసుపత్రికో వెళ్లండి. పసుపు, కారం అద్దొద్దు.