జాతర వీడియో మీద పేరు చదవాలంటే

తిరుపతి గంగమ్మ జాతర లాంటి వీడియోలో వేషాలు, పసుపు, జనం అన్నీ కదులుతూనే ఉంటాయి కాబట్టి కింద వేసే పేరు ఏ రంగులో పెట్టినా ఏదో ఒక ఫ్రేములో కలిసిపోతుంది. అలాగని లావు అవుట్‌లైన్ మాత్రం పెట్టకండి, మన వత్తుల్లో ఉండే సన్న సందులు పూడిపోయి అక్షరం ముద్దగా కనిపిస్తుంది. పేరు కింది లేయర్‌లో నల్ల గ్రేడియంట్ వేయండి, ఫ్రేము అడుగున 70 శాతం ఒపాసిటీతో మొదలై పైకి వచ్చేసరికి సున్నా అయ్యేలా. అక్షరాలు తెల్లగా, బోల్డ్‌లో. రెండో లైను ఉంటే లైన్ స్పేసింగ్ పెంచాలి, లేదంటే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. తర్వాత క్లిప్పులో బాగా వెలుతురున్న ఫ్రేము దగ్గర ఆపి ఫోన్‌లో చూడండి. అక్కడ చదవలేకపోతే ఫాంట్ సైజు జోలికి పోకుండా ముందు గ్రేడియంట్‌నే ఇంకాస్త ముదురు చేయండి.